జనం లేని మంటపం

*పడగ్గదిలో పాడిన తత్వాన్ని రాతి మంటపంలో పాడినట్టు వినిపించవచ్చు. అందుకు ఒక బెలూను చాలు. కానీ ఆ మంటపంలో అప్పుడు ఎవరున్నారన్నది కూడా పాటలోకి వచ్చేస్తుంది.*

తాత ఫోన్‌ను చెవికి ఆనించుకొని కళ్లు మూసుకున్నాడు. జంగమకోటె పక్క ఊళ్లో, రేష్మె పురుగులు పెంచే ఇంటి అరుగు మీద కూర్చున్నాం. లోపల పురుగులు ఆకు నములుతున్న చప్పుడు సన్నవాన పడుతున్నట్టుంది. ఫోన్‌లో వస్తున్నది తాత పాటే, కైవారం తాతయ్య తత్వం. తంబూర మోగింది, గొంతు లేచింది. ప్రతి చరణం చివరా ఆ గొంతు రాతి గోడల మధ్య తిరిగి తిరిగి మెల్లగా ఆరిపోతోంది. రికార్డు చేసింది మనవడు. తాత పాడింది పడగ్గదిలో, చుట్టూ బొంతలు వేలాడదీస్తే వాటి నడుమ కూర్చొని. వినిపిస్తున్నది మాత్రం ఊరి భజన మంటపం.

పాట అయిపోయింది. మనవడు తాత ముఖంలోకే చూస్తున్నాడు.

"బాగుందప్పా," అన్నాడు తాత. కాసేపాగి, "మన మంటపమే. కానీ ఎవురూ లేరే?" అన్నాడు.

"ఎవురు తాతా?"

"జనం. నేను పాడేటప్పుడు మంటపం ఎప్పుడన్నా ఇట్ల కాళీగా ఉంటుందా?"

మనవడికి నోట మాట రాలేదు. ఎందుకంటే తాత చెప్పింది అక్షరాలా నిజం. మంటపం శబ్దాన్ని అతను పట్టుకొచ్చింది తెల్లవారుజామున నాలుగింటికి. అప్పుడక్కడ అతను, నేను, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

ఎకో బటన్‌కు విసిగిపోయి

చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి ఊళ్లలో తెలుగు తత్వాలు పాడే భజన బృందాలకు కొదవ లేదు. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన యోగి నారేయణ, జనం నోట కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పాడు. తంబూర, చిటికెలు, తాళాలు ఉంటే చాలు, రాత్రంతా పాట సాగుతుంది. ఇప్పుడు ఆ పాటలన్నీ ఫోన్లలోకి ఎక్కుతున్నాయి.

ఎక్కే దారిలో అవి రెండు రకాలుగా చెడుతున్నాయి. భజన జరిగేటప్పుడే రికార్డు చేస్తే మైకుసెట్టు గురగుర, పిల్లల ఏడుపు, తాళాల దెబ్బకు మునిగిపోయిన మాట. ఇంట్లో తీరిగ్గా రికార్డు చేస్తే మాట ముత్యంలా వినబడుతుంది గానీ పాటకు ప్రాణం ఉండదు. అప్పుడు యాప్‌లో 'ఎకో' బటన్ నొక్కుతారు. పాట బావిలో పడ్డట్టవుతుంది.

ఆ బటన్ ఇచ్చే మోత ఏ ఊరిదీ కాదు, ఏ గదిదీ కాదు. శబ్దాన్ని కొంచెం ఆలస్యంగా మళ్లీ మళ్లీ వినిపించి, లెక్కలతో కట్టిన మోత అది. మనవడు వెతికింది వేరే దారి. నిజంగా ఉన్న ఒక చోటి మారుమోతను కొలిచి తెచ్చి, పాటకు అద్దడం. స్టూడియోల్లో దీన్ని కన్వల్యూషన్ రివర్బ్ అంటారు. 1999లో సోనీ సంస్థ ఇందుకోసం ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఆనాడు పెద్ద స్టూడియోలకే అందిన ఆ పని ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ చేసేస్తుంది.

గదిని ఒక్క దెబ్బతో అడగడం

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లకు ఇందులో సగం ముందే తెలుసు. ఫతే దర్వాజా కప్పు కింద గైడు చప్పట్లు కొడతాడు. పైన బాలా హిస్సార్ దగ్గర ఉన్నవాళ్లకు అది వినబడుతుంది. ఒక చిన్న, పదునైన చప్పుడు చేసి, కట్టడం దాన్ని ఏం చేస్తుందో వినడమే అక్కడ జరిగేది. ఆ వినబడినదాన్ని రికార్డు చేసి దాచుకుంటే మిగతా సగం కూడా పూర్తయినట్టే.

మంటపంలో బెలూను పగిలిందనుకోండి. మొదట ఆ 'ఠప్' నేరుగా మైకుకు చేరుతుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. మైకు 3 మీటర్ల దూరంలో ఉంటే అది చేరడానికి సుమారు 9 మిల్లీసెకన్లు. పక్క గోడకు తగిలి 6 మీటర్లు తిరిగి వచ్చే శబ్దం మరో 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. వెనక గోడది, కప్పుది, స్తంభాలవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కొంతసేపటికి అవి విడివిడిగా వినబడనంత ఒత్తుగా కలిసిపోయి, నెమ్మదిగా ఆరిపోతాయి. ఈ మొత్తం జవాబును ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. ఆ చోటికి ఇది వేలిముద్ర లాంటిది.

ఇక పాటకు అద్దడం. కంప్యూటర్లో పాట అంటే వరుసగా పేర్చిన అంకెలు, సెకనుకు 48,000. ఒక్కో అంకెను ఒక్కో చిన్న బెలూను అనుకోండి. పెద్ద అంకె గట్టిగా పగులుతుంది, చిన్న అంకె మెల్లగా. ప్రతి బెలూనుకూ మంటపం తన పూర్తి జవాబు చెబుతుంది. ఆ జవాబులన్నిటినీ వాటి వాటి క్షణాల దగ్గర పేర్చి కూడితే, ఆ పాటను ఆ మంటపంలో పాడితే ఎలా వినబడేదో అది తయారవుతుంది.

> బాక్స్: వేళ్ల మీద లెక్క
>
> పాటలో రెండే అంకెలున్నాయనుకుందాం: 2, 1. మంటపం జవాబులో మూడు: 1, 0.5, 0.25.
>
> మొదటి అంకెకు జవాబు: 2, 1, 0.5
> రెండో అంకెకు జవాబు, ఒక అడుగు ఆలస్యంగా: 0, 1, 0.5, 0.25
> రెండూ కూడితే: 2, 2, 1, 0.25
>
> రెండు అంకెల పాట నాలుగు అంకెలకు సాగింది. ఆ సాగిందే మారుమోత. అసలు పాటలో సెకనుకు 48,000 అంకెలు, 5 సెకన్ల జవాబులో 2,40,000 అంకెలు ఉంటాయి. ఇలాగే గుణిస్తూ పోతే ఒక్క సెకను పాటకు 1,152 కోట్ల గుణకారాలు. కంప్యూటర్లు అంత శ్రమ పడకుండా, శబ్దాన్ని స్వరాలుగా విడగొట్టి గుణించే అడ్డదారిలో అదే ఫలితాన్ని రాబడతాయి.

పాడడం కుదరని చోట పాడినవాళ్లు

ఈ విద్యలో ఎక్కువమంది చెప్పుకునే ఉదాహరణ ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా. 537లో పూర్తయిన చర్చి తర్వాత మసీదైంది, ఇరవయ్యో శతాబ్దంలో మ్యూజియం అయింది, 2020లో మళ్లీ మసీదైంది. మ్యూజియంగా ఉన్న రోజుల్లో లోపల పాడడం కుదిరేది కాదు. ఒకప్పుడు ఆ గుమ్మటం కింద మోగిన బైజాంటిన్ స్తోత్రాలు ఎలా ఉండేవో వినాలని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరికి ఆశ పుట్టింది. ఒకరు కళాచరిత్రకారిణి బిస్సేరా పెంచేవా, మరొకరు శబ్దాల మీద పరిశోధన చేసే జొనాథన్ ఏబెల్. అక్కడ బెలూన్లు పగలగొట్టి ఆ చప్పుళ్లను రికార్డు చేసి తెచ్చారు. మారుమోత 10 సెకన్లు దాటింది.

అమెరికాలోని కాపెల్లా రొమానా బృందం ఆ జవాబుతో స్టాన్‌ఫర్డ్‌లో 2013లో కచేరీ చేసింది, 2019లో ఆల్బం విడుదల చేసింది. ఇక్కడ మనవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఆ గాయకులు ముందు పొడిగా పాడేసి, తర్వాత గుమ్మటం తగిలించుకోలేదు. పాడుతున్నప్పుడే కంప్యూటర్ కలిపిన మోత వాళ్ల చెవుల్లో పడేట్టు చేశారు. దాంతో పాట నడకే మారింది. మోత ఆరేదాకా ఆగారు, పొడుగు స్వరాల మీద నిలిచారు. చోటు గాయకుడి గొంతును దిద్దుతుంది. ఆ దిద్దుబాటు లేకుండా పాడిన పాటకు ఎంత గొప్ప మోత అద్దినా, పాడినవాడు అక్కడ లేడని తెలిసిపోతుంది.

తాతకు ఆ చిక్కు రాలేదు. నలభై ఏళ్లుగా అదే మంటపంలో పాడుతున్నాడు. బొంతల మధ్య కూర్చున్నా చరణం చివర ఎంతసేపు ఆగాలో ఆయన ఒంటికి తెలుసు.

బొంతల గది, నాలుగింటి మంటపం

మనవడు చేసిన పనిలో మొదటిది పొడి గొంతును పట్టడం. ఇది తేలికనుకున్నాడు. మొదటిసారి హాల్లో రికార్డు చేశాడు. గచ్చు నేల, సున్నం గోడలు. చెవికి పెద్దగా మోత లేనట్టే ఉంది. దానికి మంటపం అద్దగానే రెండు గదులూ ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. మంటపంలో ఎవరో చిన్న డబ్బాలో కూర్చొని పాడుతున్నట్టు వచ్చింది. గది మోత ఒకసారి పాటలో కలిశాక పూర్తిగా తీయడం చాలా కష్టం. అందుకే రెండోసారి మంచం చుట్టూ బొంతలు కట్టి, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టాడు. తంబూరను విడిగా రికార్డు చేశాడు.

రెండోది మంటపం జవాబు. తెల్లవారుజామునే ఎందుకంటే, లారీలు తిరగవు, ఫ్యాన్లు ఆపి ఉంటాయి. మోత తోక చివరికి వచ్చేసరికి చాలా సన్నబడుతుంది. అప్పుడు వెనక ఏ చప్పుడున్నా తోక అందులో మునిగిపోతుంది. అలాంటి జవాబుతో పాటను కలిపితే, చరణం తర్వాత నిశ్శబ్దం రావాల్సిన చోట సన్నటి 'హుస్'మనే చప్పుడు వేలాడుతుంది. జవాబు పాడైందని కనిపెట్టడానికి అదే గుర్తు.

మొదట ఫోన్‌తోనే రికార్డు చేశాడు. అదీ పనికి రాలేదు. ఫోన్లు మాటల కోసం చేసినవి. పెద్ద చప్పుడు వస్తే తమంతట తామే తగ్గిస్తాయి, తర్వాత సన్న చప్పుడును పెంచుతాయి, కొన్ని దాన్ని రొద అనుకొని తుడిచేస్తాయి. మనకు కావలసిన తోకే పోతుంది. చింతామణిలో పెళ్లి వీడియోలు తీసే స్నేహితుడి దగ్గర చేతిలో పట్టే రికార్డరు అరువు తెచ్చి, ఆటోమేటిక్ సర్దుబాటు ఆపేసి, మళ్లీ మొదలుపెట్టాడు.

బెలూనుకు దాని లోపాలు దానికున్నాయి. ఏ రెండూ ఒకేలా పగలవు, బొంగురు స్వరాల్లో బలం తక్కువ. అందుకే నాలుగింటికి మేము చేసింది మరో పద్ధతి. తాత కూర్చునే చోట ఒక స్పీకరు, జనం కూర్చునే చోట మైకు. స్పీకర్లో అతి బొంగురు స్వరం నుంచి అతి కీచు స్వరం దాకా 15 సెకన్లలో పాకే ఒకే ఈల. అది ఆగాక 8 సెకన్లు కదలకుండా నిలబడ్డాం. ఆ ఈల ఏమిటో ముందే తెలుసు కాబట్టి, రికార్డులోంచి దాన్ని లెక్కతో విప్పేస్తే మంటపం జవాబు ఒక్కటే మిగులుతుంది. ఇటలీలో పార్మా విశ్వవిద్యాలయానికి చెందిన ఆంజెలో ఫరీనా 2000లో చూపిన దారి ఇది. దెబ్బలో ఒక్క క్షణంలో పోయాల్సిన బలాన్ని ఈల 15 సెకన్లకు పంచుతుంది కాబట్టి మామూలు స్పీకరుతోనే తోక శుభ్రంగా వస్తుంది. పైగా స్పీకరు గొంతు చెదిరి చేసిన తప్పులు అసలు జవాబుకు ముందు భాగంలో వేరుగా పడతాయి. అక్కడికి కత్తిరిస్తే సరి.

కుక్క ఒకసారి మొరిగింది, మళ్లీ ఈల వేశాం. మూడోసారికి కుదిరింది. తాత విన్నది ఆ మూడోదే.

తాత చెవి సరా, లెక్క సరా

"ఎవురూ లేరే" అన్న మాటను కాగితం మీద పెట్టి చూశాం. మంటపం పొడవు 12 మీటర్లు, వెడల్పు 9, ఎత్తు 4. మూడు వైపులా రాతి గోడలే, నాలుగో వైపూ గోడే గానీ దానికి రెండు వాకిళ్లు. లోపలి గాలి 432 ఘనమీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 384 చదరపు మీటర్లు. నున్నటి రాయి తనకు తగిలిన శబ్దంలో నూటికి రెండు వంతులే మింగుతుందనుకుంటే, మొత్తం రాయి మింగేది దాదాపు 7.7 చదరపు మీటర్ల ఖాళీ కిటికీతో సమానం. వాకిళ్లు నిజంగా ఖాళీయే కాబట్టి మరో 4.8 కలపండి. మొత్తం 12.5. 0.161ని గాలితో గుణించి, మింగుడుతో భాగిస్తే మారుమోత ఆరే కాలం వస్తుంది:

T = 0.161 × 432 ÷ 12.5 ≈ 5.6 సెకన్లు

ఇప్పుడు భజన రాత్రి. 60 మంది వచ్చారు. చీరలు, శాలువాలు, ఒళ్లు. ఒక్కో మనిషి అర చదరపు మీటరు మింగుతాడనుకున్నా మరో 30. మొత్తం 42.5.

T = 0.161 × 432 ÷ 42.5 ≈ 1.6 సెకన్లు

అదే మంటపం, అవే రాళ్లు. జనం కూర్చోగానే మోత మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. ఇది అంచనా లెక్కే, స్తంభాలూ, గాలి మింగే వంతూ ఇందులో లేవు. కానీ తాత చెవి పట్టింది ఈ తేడానే.

> బాక్స్: దిండ్లు మోసిన ప్రొఫెసరు
>
> ఈ లెక్క వాలస్ సెబైన్‌ది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్త ఉపన్యాస మందిరంలో మాట ఎవరికీ అర్థం కావడం లేదు. పలికిన మాట అయిదున్నర సెకన్లు గదిలో తిరుగుతోంది. కారణం కనుక్కోమని యువ అధ్యాపకుడైన సెబైన్‌కు అప్పగించారు. ఆయన రాత్రిపూట, వీధి సద్దుమణిగాక, మరో నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి పరిచాడు. ఆర్గన్ గొట్టం ఊది, మోత చెవికి వినబడకుండా పోయేదాకా ఎంతసేపైందో గడియారంతో కొలిచాడు. దిండ్లు పెరిగేకొద్దీ కాలం తగ్గింది. మనిషి ఒంటిని కూడా ఆ లెక్కలోకి తెచ్చింది ఆయనే.

మనవడు మొదట తేలిక దారి పట్టాడు. కన్వల్యూషన్ చేసే సాఫ్ట్‌వేర్లలో మోత తోకను కుదించే మీట ఉంటుంది. దాన్ని తిప్పి 5.6ను 1.6కు తెచ్చాడు. తాత విని తల అడ్డంగా ఊపాడు. "చిన్న మంటపమాయె. జనం రాలే."

దీనికీ కారణం ఉంది. ఆ మీట బొంగురు స్వరాలనూ కీచు స్వరాలనూ ఒకే కొలతలో కత్తిరించింది. మనుషులు అలా మింగరు. బట్టలూ ఒళ్లూ కీచు స్వరాలను ఎక్కువగా మింగి, బొంగురు స్వరాలను చాలావరకు వదిలేస్తాయి. నిండిన మంటపంలో తాళాల గలగల త్వరగా చస్తుంది, తంబూర అడుగు మోత కొంచెం ఎక్కువసేపు మిగులుతుంది. జనం ఉన్నట్టు అనిపించేది ఆ తేడా వల్లే.

మంగళహారతి తర్వాత

మరుసటి శనివారం భజన అయ్యాక, మంగళహారతి పళ్లెం తిరిగాక, మనవడు లేచి నిలబడ్డాడు. "అందరూ ఒక్క నిమిషం కదలకండి. మాట్లాడకండి. బెలూను పగలగొడతా." జనం ఉన్నప్పుడు 15 సెకన్ల ఈల వేస్తే చెవులు మూసుకుంటారు, కదులుతారు. కదిలితే గది మారిపోతుంది. అందుకే ఈసారి బెలూనే.

మొదటిది పగిలింది. ముందు వరసలో పాప కిలకిలా నవ్వింది. ఆ నవ్వు తోక మీద పడింది. రెండోదానికి ఎవరో దగ్గారు. మూడో బెలూను తాత చేతికే ఇచ్చారు, ఆయన కూర్చునే చోటే. అప్పటికి అందరూ ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నారు. నాలుగు, అయిదు కూడా పగలగొట్టి, శుభ్రంగా వచ్చిన వాటిలోంచి ఒకటి ఎంచుకున్నాం.

ఇంటికొచ్చాక చిన్న సవరణ ఒకటి కావలసి వచ్చింది. రికార్డులో బెలూను నుంచి నేరుగా వచ్చిన మొదటి 'ఠప్' కూడా ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి, పొడి గొంతును కూడా పక్కన కలిపితే గొంతు రెండుసార్లు వినబడుతుంది, పలచగా డొల్లగా మారుతుంది. నేరు దెబ్బను కత్తిరించి, మోతను మాత్రమే ఉంచి, పొడి గొంతు పక్కన కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాడు. హల్లులు చెదరడం మొదలైన చోట ఒక అడుగు వెనక్కి తగ్గాడు.

తాత మళ్లీ అరుగు మీద కూర్చొని విన్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. వీధిలోకి చూస్తూ విన్నాడు. "ఇది మన శనివారం," అన్నాడు.

> బాక్స్: ఇంట్లో చేసి చూడాలంటే
>
> ఈల వేసి జవాబు విప్పడానికి REW అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. జవాబును WAV ఫైలుగా దాచుకోవచ్చు. ఈల వేసే పరికరం, రికార్డు చేసే పరికరం వేర్వేరైతే వాటి గడియారాల నడకలో రవ్వంత తేడాకే కీచు స్వరాలు చెదురుతాయి. రెండూ ఒకే కంప్యూటరుకు తగిలించడం మేలు. పొడి పాటకు మంటపాన్ని అద్దడానికి ffmpeg ఉంటే ఒక్క వరుస చాలు:
>
> ```
> ffmpeg -i paata.wav -i mantapam.wav -lavfi afir out.wav
> ```
>
> ఈ వరుస పాటను పూర్తిగా మంటపంలోకి తోసేస్తుంది. గొంతు, మోత పాళ్లు మీరే కుదుర్చుకోవాలంటే పాటలు కలిపే సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు ట్రాకులుగా పెట్టుకోండి. రెండు ఫైళ్లూ ఒకే వేగంలో, అంటే రెండూ సెకనుకు 48,000 చొప్పున ఉండాలి.

తేలేనివి, తేవలసినవి

ఈ విద్య తేలేనివి కూడా చెప్పాలి. కొలిచి తెచ్చేది మంటపం మొత్తాన్ని కాదు. తాత చోటి నుంచి ఒక మైకు చోటికి నడిచిన శబ్దాన్ని, ఆ ఒక్క క్షణంలో. చిటికెలు పట్టుకొని తిరుగుతూ ఆడే భజనకు అది సరిపోదు. మనిషి కదిలిన ప్రతి అడుగుకూ జవాబు వేరు. తెరిచిన స్తంభాల మంటపాల్లో అయితే తేవడానికే పెద్దగా ఏమీ ఉండదు. శబ్దం స్తంభాల మధ్య నుంచి బయటికి పోతుంది. మోత ఉండేది మూసుకున్న గదుల్లో, గుహల్లో. నంది గ్రామంలోని భోగనందీశ్వర ఆలయం వంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ స్పీకరూ మైకూ దించే ముందు అనుమతి తీసుకోవాలి.

అలాంటి అనుమతి అక్కర్లేనిది మీ ఊరి మంటపం. కానీ దానికి గడువు ఉంది. ఊరూరా పాత రాతి మంటపాలకు మరమ్మతులు జరుగుతున్నాయి. రాతి నేల మీద టైల్స్, వాకిళ్లకు అద్దాల తలుపులు, కప్పు కింద తెల్లటి సీలింగు. కొన్నిటికి అవసరమే. కానీ సీలింగు పలకలు ఎక్కిన రోజున, తాతలు పాడిన మోత ఆ ఊళ్లో ఇక ఉండదు. ఫొటోలు మిగులుతాయి, మోత మిగలదు.

కాబట్టి మేస్త్రీ రాకముందు ఒక తెల్లవారుజామున ఈల వేయండి, ఒక భజన రాత్రి బెలూను పగలగొట్టండి. రెండు ఫైళ్లు దాచి, వాటి మీద ఊరి పేరు, తేదీ, స్పీకరు ఎక్కడ పెట్టారో, మైకు ఎక్కడ పెట్టారో రాయండి. ఎంతమంది కూర్చున్నారో కూడా మరవకుండా రాయండి.

మనవడి కంప్యూటర్లో ఇప్పుడు మంటపం ఫైళ్లు రెండున్నాయి. ఒకదాని పేరు ‘కాళీ’. రెండోదాని పేరు ‘అరవై మంది, ఒక పాప’.